పండగ ఉన్నవాళ్ళే వచ్చి అడగాలా? దేశాల మధ్య వారంవారం కాల్స్ పెట్టేవారికి బహిరంగ లేఖ

వేర్వేరు దేశాల టీములను కలిపి నడిపే ప్రోగ్రాం మేనేజర్లకు, వారి తరఫున క్యాలెండర్ ఇన్వైట్లు పంపేవారికి,

నమస్కారం. ప్రతివారం జరిగే కాల్స్‌ని కుదర్చడమే మా రోజువారీ పని. మీకు మా విన్నపం ఒక్కటే. సిరీస్ పంపిన తర్వాత కాదు, పంపకముందే సెలవులు చూడండి.

ఇప్పుడు జరుగుతున్నది మీకూ తెలుసు. మేనేజర్ క్యాలెండర్‌లో ఖాళీ కనబడ్డ రోజున, ముగింపు తేదీ లేకుండా, వారానికోసారి అని టిక్కు పెట్టి ఇన్వైట్ పంపేస్తారు. ఆ తర్వాత పండగ వచ్చిన ప్రతిసారీ ఆ పండగ ఉన్న మనిషే మెసేజ్ పెట్టాలి: "ఆ రోజు మాకు సెలవండీ, కాల్ మార్చడం కుదురుతుందా?" కుదిరితే అదొక ఉపకారంలా మిగిలిపోతుంది. కుదరకపోతే కొందరు ఇంటినిండా చుట్టాలుండగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గదిలో కూర్చుంటారు, కొందరు చెప్పకుండా మానేస్తారు. ఇంతకీ ఆ సెలవు తేదీ ఏడాది ముందే అచ్చయి ఉంటుంది. రహస్యమేమీ కాదు.

మాటల్లో చెబితే తేలిగ్గానే ఉంటుంది కాబట్టి ఒక ఉదాహరణ పూర్తిగా లెక్కవేసి చూపిస్తాం. హైదరాబాద్, మ్యూనిక్, చికాగో. మూడు చోట్ల మనుషులు, వారానికొక కాల్, 2026 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు చివరిదాకా. ఊళ్ళ పేర్లు కావాలనే చెబుతున్నాం. "జర్మనీ సెలవులు" అని ఒక జాబితా తీసుకుంటే సరిపోదు. అక్టోబరు 31 జర్మనీలో కొన్ని రాష్ట్రాల్లోనే సెలవు, నవంబరు 1 మరికొన్ని రాష్ట్రాల్లోనే. మ్యూనిక్ ఉన్న బవేరియాది రెండో గుంపు. మన దేశంలో అయితే జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తప్ప మిగతావి చాలావరకు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కాబట్టి పట్టిక దేశం పేరుతో కాదు, మనిషి కూర్చునే చోటు పేరుతో మొదలవ్వాలి.

ఇప్పుడు వారాలు లెక్కపెడదాం. మీకు అన్నింటికంటే ఇష్టమైన సోమవారమే ముందు చూద్దాం. సెప్టెంబరు 7 అమెరికాలో లేబర్ డే. సెప్టెంబరు 14 వినాయక చవితి. అంటే సిరీస్ మొదలైన రెండు వారాల్లోనే రెండు కాల్స్ పోయాయి. అక్టోబరు 12 అమెరికా ఫెడరల్ సెలవు, ప్రైవేటు కంపెనీలు చాలావరకు పనిచేస్తాయి గానీ పిల్లల బడి లేని ఇళ్ళలో పెద్దవాళ్ళూ సెలవు పెడతారు. నవంబరు 8 దీపావళి, ఆదివారం. ఆదివారమే కదా, జాబితాలో లెక్కలేదు కదా అనుకుంటారు. మన దగ్గర ఆదివారం వచ్చిన పండక్కి బదులు సెలవు ఇచ్చే ఆనవాయితీ లేదు. అందుకే ఊరెళ్ళినవాళ్ళు సోమవారం సొంత సెలవు పెట్టుకుని వస్తారు. ఏ సెలవుల క్యాలెండర్ పెట్టుకున్నా ఈ సోమవారం అందులో కనబడదు.

సోమవారంతో చిక్కు ఈ నాలుగు నెలలది మాత్రమే కాదు. అమెరికా ఫెడరల్ సెలవుల్లో చాలావాటిని, బ్రిటన్ బ్యాంకు సెలవుల్లో చాలావాటిని, జపాన్‌లో కొన్నింటిని చట్టమే సోమవారానికి కట్టేసింది. నెలకొకసారి జరిగే కాల్‌ని "మొదటి సోమవారం" అని పెడితే మరీ ఘోరం. అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారం, బ్రిటన్‌లో మే మొదటి సోమవారం ఏటా సెలవే. ఆ సిరీస్ పుట్టుకతోనే విరిగి ఉంటుంది.

శుక్రవారం: అక్టోబరు 2 గాంధీ జయంతి, నవంబరు 27 థాంక్స్‌గివింగ్ మర్నాడు, డిసెంబరు 25 క్రిస్మస్. మూడు. గురువారం: నవంబరు 26 థాంక్స్‌గివింగ్, ఆ తర్వాత డిసెంబరు 24, 31 రెండూ గురువారాలే. ఆ రెండూ జర్మనీలో చట్టప్రకారం సెలవులు కావు, కానీ ఆఫీసులు చాలావరకు మూతబడతాయి. ఇవి కూడా మూడే.

మిగిలినవి మంగళవారం, బుధవారం. మంగళవారం అక్టోబరు 20 విజయదశమి, కాల్ ఖాయంగా పోతుంది. నవంబరు 24 కార్తీక పౌర్ణమి, ప్రైవేటు ఆఫీసుల్లో ఎక్కువమంది పనిచేస్తారు. బుధవారం చూస్తే ఖాయంగా పోయేది ఒక్కటీ లేదు. నవంబరు 11 అమెరికాలో వెటరన్స్ డే అయినా ప్రైవేటు కంపెనీలు చాలావరకు తెరిచే ఉంటాయి. అయితే బుధవారమే నయమని తేల్చేయొచ్చా? మేం తేల్చం. అక్టోబరు 21 దసరా మర్నాడు, సగం మంది ప్రయాణంలో ఉంటారు. నవంబరు 25 థాంక్స్‌గివింగ్ ముందురోజు, చికాగోలో మధ్యాహ్నానికే కుర్చీలు ఖాళీ. ఖాయంగా లేదని తెలిసిన ఒక్క కాల్ వల్ల నష్టం తక్కువ, దానికి ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. సగం మంది వచ్చిన కాల్‌లో తీసుకున్న నిర్ణయాన్ని మళ్ళీ వచ్చే వారం మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది. అందుకే మా ఓటు మంగళవారానికి.

ఈ లెక్క మొత్తానికి పట్టేది గంటలోపే. ఎడమ పక్క నిలువు వరసలో తేదీలు, ఒక్కో చోటుకి ఒక్కో వరస. గడిలో మూడే గుర్తులు: ఆఫీసు మూత, సగం మంది ఉండకపోవచ్చు, మామూలు రోజు. ప్రభుత్వ జాబితా, కంపెనీ జాబితా రెండూ పక్కపక్కన పెట్టుకోండి, ఎందుకంటే అవి ఒకటి కావు. పైన కార్తీక పౌర్ణమి, వెటరన్స్ డే విషయంలో చూశారుగా. సెలవు వారాంతంలో పడితే ఏం చేస్తారన్నది కూడా చోటుని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో తర్వాతి పనిదినం సెలవిస్తారు. అమెరికా ఫెడరల్ లెక్కలో శనివారం పడింది శుక్రవారానికి, ఆదివారం పడింది సోమవారానికి జరుగుతుంది. జర్మనీలో పోయింది పోయినట్టే: 2026లో అక్టోబరు 3 శనివారం, నవంబరు 1 ఆదివారం, రెండూ మ్యూనిక్ వాళ్ళకి దక్కవు.

గుర్తులు పెట్టాక ఆ పట్టికని అందరికీ పంపి "మీరు ఉండని తేదీలు ఇంకేమైనా ఉంటే చేర్చండి" అని వారం గడువివ్వండి. ఎందుకు ఉండరని అడగొద్దు. పండగ పేరు, మతం పట్టికలో రాయాల్సిన పని లేదు, తేదీ చాలు. చికాగోలో ఉన్నవాళ్ళకి చికాగో సెలవులే ఉంటాయని మీరే అనుకోవద్దు, హైదరాబాద్‌లో ఉన్న అందరికీ దసరా ఉంటుందనీ అనుకోవద్దు. పంచాంగం ప్రకారం వచ్చే పండగలకు ఇంకో మెలిక ఉంది. చాలా పండగలకి ఆ ఊళ్ళో సూర్యోదయానికి ఏ తిథి ఉందన్నదే లెక్క కాబట్టి, ఒకే పండగ ఇక్కడొక తేదీన, అమెరికాలో ముందురోజున పడడం కొత్తేమీ కాదు. చికాగోలో ఉన్న తెలుగు మనిషికి ఏ రోజన్నది హైదరాబాద్ క్యాలెండర్ చూసి చెప్పలేరు. ఆ మనిషినే అడగాలి.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. సెలవు వెతకాల్సింది ఇన్వైట్ పెట్టినవాళ్ళ తేదీలో కాదు, వినేవాళ్ళ తేదీలో. కాలిఫోర్నియాలో అక్టోబరు 19 సోమవారం సాయంత్రం 6:30 అంటే ఇక్కడ 20వ తేదీ ఉదయం 7:00. అక్కడివాళ్ళ తెరమీద అది ఏ సెలవూ లేని సోమవారం. ఇక్కడ అది విజయదశమి ఉదయం. తిరగేస్తే లేబర్ డే సాయంత్రం వాళ్ళకి పడే కాల్ మన క్యాలెండర్‌లో మామూలు మంగళవారం పొద్దుటి కాల్‌లా కనబడుతుంది. పసిఫిక్ దాటే కాల్స్‌లో మేం చూసే పొరపాట్లలో ఇదే ఎక్కువ, ఎందుకంటే రెండు వైపులా ఎవరి క్యాలెండర్ వాళ్ళకి తప్పు లేనట్టే ఉంటుంది.

ఇక టైము. మన మంగళవారం కాల్ సెప్టెంబరులో మ్యూనిక్ మధ్యాహ్నం 3:30, చికాగో ఉదయం 8:30, హైదరాబాద్ రాత్రి 7:00. ముగ్గురికీ పనికొస్తుంది. యూరప్ గడియారం అక్టోబరు 25న గంట వెనక్కి వెళ్తుంది, అమెరికాది నవంబరు 1న. మనది కదలదు. మధ్యలో ఇరుక్కున్న మంగళవారం అక్టోబరు 27. సిరీస్‌ని మ్యూనిక్ టైముకి కట్టి ఉంటే ఆ రోజు చికాగోలో కాల్ 9:30కి పడుతుంది, మరుసటి వారం మళ్ళీ 8:30కి వస్తుంది. హైదరాబాద్‌లో అక్టోబరు 27 నుంచే రాత్రి 8:00 అవుతుంది, చలికాలమంతా అక్కడే ఉంటుంది. దసరాకి కాల్ లేక, ఆ తర్వాతి వారమే టైము మారి, వరసగా రెండు వారాలు జనం తప్పిపోయేది ఇలాగే. పట్టికలో 27వ తేదీ పక్కన మూడు చోట్ల టైమూ రాసి పెట్టండి. సిరీస్‌ని ఏ ఊరి గడియారానికి కట్టారో ఇన్వైట్ మొదటి వాక్యంలోనే చెప్పండి. ఏ ఊరైనా ఫర్వాలేదు, కానీ చలికాలంలో గంట ఆలస్యం ఎప్పుడూ ఒకే వైపు మీద పడుతుంటే రెండో ఏడాది మార్చండి.

ఇప్పుడు అక్టోబరు 20 సంగతి. మీరు మామూలుగా చేసేది "21కి జరుపుదాం" అనడం. పండగ చుట్టూ ఉన్న రోజులు కూడా పండగవే కాబట్టి పక్కరోజుకి జరిపితే సగం మందే దొరుకుతారు. వారంవారం జరిగే కాల్ ఒకటి పోతే పోనివ్వండి. 16వ తేదీ శుక్రవారంలోగా మూడు చోట్ల నుంచీ రాతపూర్వకంగా పరిస్థితి తెప్పించుకుని, నిర్ణయాలేమైనా ఉంటే 27కి పెట్టుకోండి. మ్యూనిక్, చికాగో వాళ్ళిద్దరూ కలిసి మాట్లాడుకోవచ్చుగా అని అడుగుతారు. మాట్లాడుకోవచ్చు, నిర్ణయం మాత్రం తీసుకోకూడదు. పండగ చేసుకుని వచ్చేసరికి తన పని దిశ మారిపోయి ఉందని తెలిస్తే ఆ మనిషి వచ్చే పండక్కి సెలవు పెట్టుకోవడానికి జంకుతాడు.

రెండు వారాలకొకసారి జరిగే కాల్‌కి మాత్రం ఈ సలహా పనికిరాదు. అందులో ఒకటి రద్దయితే మధ్యలో 28 రోజుల ఖాళీ వస్తుంది. అలాంటిదాన్ని రద్దు చేయకుండా ముందువారానికి జరపండి. పక్కరోజుకి కాదు, పూర్తిగా ఒక వారం ముందుకి, అదే రోజు, అదే టైము. నెలకొకసారి జరిగేదైనా అంతే.

రద్దు చేసే పద్ధతిలో కూడా తప్పులు దొర్లుతుంటాయి. ఆ ఒక్క తేదీని ఇన్వైట్ పంపినవాళ్ళే తమ క్యాలెండర్‌లోంచి తీసేసి, తీసేసినట్టు అందరికీ పంపాలి. ఒక్కొక్కరూ "రాలేను" అని నొక్కడం రద్దు కిందకి రాదు. అలా నొక్కినవాళ్ళు లేకుండా కాల్ జరుగుతూనే ఉంటుంది, మీటింగ్ గది బుక్ అయ్యే ఉంటుంది. క్యాలెండర్ ఫైలుని స్క్రిప్టుతో తయారు చేసేవారికి మన సిరీస్ ఇలా ఉంటుంది:

```
DTSTART;TZID=Europe/Berlin:20260901T153000
RRULE:FREQ=WEEKLY;BYDAY=TU;UNTIL=20261222T143000Z
EXDATE;TZID=Europe/Berlin:20261020T153000
```

మూడో వరసే దసరా రోజు మినహాయింపు. అందులో తేదీతో పాటు టైము కూడా అసలు కాల్‌తో అక్షరాలా కలవాలి. తేదీ ఒక్కటే రాసినా, చలికాలం లెక్కతో గంట తేడాగా రాసినా ఏ తప్పూ చూపించదు, కాల్ మాత్రం దసరా రోజు అలాగే నిలబడి ఉంటుంది. రెండో వరసలో `UNTIL` బదులు `COUNT` వాడేవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. మినహాయించిన తేదీ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. 17 అని రాసి ఒకటి మినహాయిస్తే జరిగేవి 16 కాల్సే. ఇక డిసెంబరు 29ని మినహాయించే అవసరమే లేదు, సిరీస్‌నే 22తో ముగించాం. ముగింపు లేని సిరీస్ వద్దనేది ఇందుకే. నాలుగు నెలలకొకసారి అది చచ్చిపోతేనే ఎవరో ఒకరు కొత్త సెలవుల జాబితా తీస్తారు.

మధ్యలో మొత్తం సిరీస్ టైము మార్చకండి. అవుట్‌లుక్‌లో సిరీస్ పద్ధతి మారిస్తే, అంతకుముందు విడిగా జరిపిన, తీసేసిన తేదీలన్నీ పోతాయని హెచ్చరిక వస్తుంది. ఎవరూ చదవరు, సరే అని నొక్కేస్తారు. సెప్టెంబరులో జాగ్రత్తగా తీసేసిన అక్టోబరు 20 మళ్ళీ లేచి కూర్చుంటుంది. టైము మార్చక తప్పకపోతే పాత సిరీస్‌ని ఆ తేదీతో ముగించి కొత్తది మొదలుపెట్టండి, మినహాయింపులు మళ్ళీ చేర్చండి, తర్వాత పట్టికతో ఒకసారి పోల్చి చూడండి. మార్పు సరిగ్గా చేరిందో లేదో తెలుసుకోవాలంటే మీ క్యాలెండర్ చూసుకుంటే చాలదు. వేరే దేశంలో ఉన్న ఒకరిని తన తెరమీద ఆ వారం ఏం కనబడుతోందో ఫొటో తీసి పంపమనండి.

సెలవుల క్యాలెండర్ జోడించుకున్నాం కదా అని ధీమా పడేవారికి ఒక మాట. ఆ క్యాలెండర్ రోజు నెత్తిమీద పండగ పేరు చూపిస్తుంది, అంతే. ఆ మనిషి ఖాళీగా లేడని ఇన్వైట్ పెట్టే మనిషికి చెప్పదు. టైము వెతికినప్పుడు ఆ రోజు పూర్తిగా ఖాళీ అనే వస్తుంది. ఆ రోజుని ఎవరికి వాళ్ళు "ఆఫీసులో లేను" అని పెట్టుకుంటేనే అడ్డు పడుతుంది. టీములో అందరూ నాలుగు నెలల తేదీలని ఒకే పూట కూర్చుని అలా పెట్టేసుకునేలా చూడటం మీ పనే.

మంగళవారం ఈసారి గెలిచిందని జనవరికీ దాన్నే సాగదీయకండి. 2027 జనవరి 26 మంగళవారమే. ఫిబ్రవరి 9 కూడా మంగళవారం, లెంట్ ఉపవాసాలకి ముందురోజు, మ్యూనిక్‌లో చట్టప్రకారం సెలవు కాకపోయినా మధ్యాహ్నం తర్వాత మనుషులు దొరకడం కష్టం. రంజాన్ పండగ మార్చి 10కి అటూఇటూగా వస్తుంది. నెలవంక కనబడితేనే ఖాయమవుతుంది కాబట్టి 9, 10, 11 మూడింటికీ "సగం మంది ఉండకపోవచ్చు" గుర్తు పెట్టి, ఆ మంగళవారం 9వ తేదీ కాల్‌ని ముందే తీసేయండి. చివరి నిమిషంలో తేలే పండక్కి చివరి నిమిషంలో కాల్ జరపబోతే ఎవరికీ అందదు. ఆ ముందు నెలంతా ఉపవాసాలు. హైదరాబాద్‌లో రాత్రి 8:00 కాల్ అంటే ఇఫ్తార్ అయిపోయింది కదా అనిపిస్తుంది గానీ అది తరావీహ్ నమాజు వేళ. ఆ నాలుగు వారాలకి కాల్‌ని గంట ముందుకి తెచ్చి సాయంత్రం 7:00కి పెడితే చికాగోలో ఉదయం 7:30 అవుతుంది. అక్కడివాళ్ళు ఒప్పుకుంటారో లేదో డిసెంబరు 8 కాల్‌లో అడగండి, కొత్త సిరీస్ ఇన్వైట్ ఆ తర్వాతే పంపండి.

ఇట్లు,
దేశాల మధ్య కాల్స్ కుదిర్చే సమన్వయకర్తలు